ముక్కలాటకు క్యూ లైన్ లెక్క పనికిరాదు

తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఆరు గంటలు కూర్చున్న మనిషి విసుగొచ్చి లేచిపోదామనుకుంటే, పక్కనున్నవాళ్లు ఒకటే మాట అంటారు: "ఇంతసేపుండి ఇప్పుడు పోతారా?" ఆ మాటలో తర్కం తప్పు, సలహా మాత్రం సరైనదే. ఆరు గంటలు గడిచాయి కాబట్టి ఉండమనడం తప్పు. ఆ గంటలు ఉన్నా పోయినవే, లేచినా పోయినవే. కానీ లైన్ ముందుకు కదిలింది. ఇంకా ఉండాల్సింది రెండు గంటలే కావచ్చు. రెండు గంటలకు దర్శనం దొరుకుతుందంటే ఉండడమే మేలు. కారణం తప్పైనా నిర్ణయం కుదిరింది.

అదే మనిషి కొండ దిగి, తిరుపతిలో బంధువుల ఇంట్లో రాత్రి పేకాటకు కూర్చున్నాడనుకుందాం. పన్నెండయ్యేసరికి వెయ్యి రూపాయలు పోయాయి. లేవబోతే మళ్లీ అదే మాట వినిపిస్తుంది, ఎక్కువసార్లు తన లోపలినుంచే: "ఇంత పోగొట్టుకుని ఇప్పుడు లేస్తానా?" ఇక్కడ తర్కమూ తప్పే, నిర్ణయమూ తప్పే. క్యూలో గడిచిన గంట దేవుడికి కొంచెం దగ్గర చేసింది. ఆటలో పోయిన వెయ్యి దేనికీ దగ్గర చేయలేదు. ముక్కలు మళ్లీ కలిపారు, కోశారు, పంచారు. ఎవరికెంత పోయిందో కట్టకు తెలియదు.

పెట్టేసి, ఇక వెనక్కి తెచ్చుకోలేని ఖర్చును ఆర్థికశాస్త్రంలో సంక్ కాస్ట్ అంటారు. దాన్ని చూసి తర్వాతి నిర్ణయం తీసుకోవడాన్ని హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో ఒక నాటకాల సీజన్ టికెట్ల మీద పరీక్షించారు. కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు టికెట్లు అమ్మారు. ఎవరికి ఏ ధర అన్నది వాళ్ల ఇష్టంతో జరిగింది కాదు. నాటకాలు అవే, సీట్లు అవే. అయినా సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు వచ్చారు. డబ్బు ఎప్పుడో పోయింది, మనిషిని మాత్రం ఇంకా నడిపిస్తోంది. నాటకం దగ్గర ఇది పెద్ద నష్టం కాదు, రెండు గంటలు బోరు కొడుతుంది, అంతే. పందెం దగ్గర మాత్రం దీనికి ఇంకొకటి తోడవుతుంది, దాని పేరు టిల్ట్.

ఈ మాట పిన్‌బాల్ యంత్రాల నుంచి వచ్చింది. బంతి కిందికి జారిపోతుంటే ఆటగాడు కోపంతో యంత్రాన్ని పట్టుకుని ఊపుతాడు. మరీ గట్టిగా ఊపితే "టిల్ట్" అని లైటు వెలిగి మీటలు పనిచేయడం మానేస్తాయి. పోకర్ ఆటగాళ్లు దాన్ని మనిషికి అంటగట్టారు. దెబ్బ తిన్న కోపంలో అడ్డదిడ్డంగా ఆడేవాడు టిల్ట్‌లో ఉన్నట్టు. ఆ దెబ్బల్లో పేరున్నది బ్యాడ్ బీట్, అంటే గెలవాల్సిన ముక్కలతో ఓడిపోవడం. మన దగ్గర వీటికి విడిగా పేర్లు లేవుగానీ, "చేతికొచ్చింది నోటికి రాలేదు" అన్న మాటలో బ్యాడ్ బీట్, "వాడికి పిచ్చి లేచింది, ఇక వాడితో ఆడొద్దు" అన్న మాటలో టిల్ట్ ఉన్నాయి.

పేరు పోకర్‌దైనా, ఇది ఎలా పనిచేస్తుందో మనవాళ్లకు పదమూడు ముక్కల రమ్మీలోనే బాగా కనిపిస్తుంది.

చిత్తూరు కల్యాణ మండపంలో ఒక రాత్రి

ఒక ఉదాహరణ వేసుకుందాం. చిత్తూరులో పెళ్లి, తెల్లవారుజామున ముహూర్తం. మండపం మేడమీద జంపఖానా పరిచి ఆరుగురు కూర్చున్నారు. పాయింటు రెండు రూపాయలు. ముక్క తీయకముందే డ్రాప్ చేస్తే, అంటే ఆట వదిలేస్తే, 20 పాయింట్లు పోతాయి, ఒకసారి తీశాక డ్రాప్ చేస్తే 40, ఎంత చెడ్డ ముక్కలతో చిక్కినా 80 దాటదు. అందరికీ తెలిసిన లెక్కే.

మన ఆటగాడికి అప్పటికి 640 రూపాయలు పోయాయి. ఈసారి ముక్కలు బాగా పడ్డాయి. ఇస్పేటు 4-5-6 లైఫ్, అంటే జోకర్ లేకుండా కుదిరిన వరుస. కళావరు పది, జాకీ, రాణి, రాజు రెండో సీక్వెన్స్. ఇస్పేటు, డైమన్, కళావరు తొమ్మిదులు మూడు. మిగిలినవి ఆఠీన్ 7, 8, పారేయాల్సిన డైమన్ రాణి. కోసిన జోకర్ 2, అంటే ఈ ఆటలో ఏ రెండైనా జోకరే. ఆఠీన్ 6 గానీ 9 గానీ వస్తే షో. ఏ జోకర్ వచ్చినా షో. అతని వీపు నిటారయింది, ముక్కల్ని విసనకర్రలా సర్దుకున్నాడు. ఎదుటివాళ్ల చేతుల్లో ఎంత కౌంటుందో అంచనా వేయడం మొదలుపెట్టాడు. ఇద్దరు మొదట్లోనే డ్రాపయ్యారు, మిగతా ముగ్గురి దగ్గర 45, 60, 38 ఉండొచ్చు. డ్రాపయినవాళ్ల 40తో కలిపి మొత్తం 183 పాయింట్లు, అంటే 366 రూపాయలు.

రెండు చుట్లు తిరిగాయి, ముక్క రాలేదు. మూడో చుట్టులో పక్కనున్న బావమరిది కట్ట నుంచి ముక్క తీశాడు. బొమ్మ జోకర్. షో!

మన ఆటగాడి కౌంట్ 25. ఏడు, ఎనిమిది, రాణికి పది. జేబులోంచి పోయింది 50 రూపాయలు. కానీ అతని మొహం 50 రూపాయలు పోయిన మొహంలా లేదు. మనసులో 366 అప్పటికే జమ అయిపోయింది. ఇప్పుడది కూడా తీసేసినట్టు లెక్క. అతని బాధ 416 రూపాయలది.

బ్యాడ్ బీట్ గుట్టంతా ఇక్కడే ఉంది. డానియల్ కానెమన్, ఎమస్ ట్వెర్‌స్కీ 1979లో చెప్పిన సిద్ధాంతం ప్రకారం మనిషి లాభనష్టాలను మొత్తం ఆస్తితో పోల్చి చూడడు, మనసులో వేసుకున్న ఒక గీత నుంచి కొలుస్తాడు. గీతకు కిందికి పోయిన రూపాయి, పైకి వచ్చిన రూపాయి కంటే బరువుగా తగులుతుంది. మంచి ముక్కలు పడగానే ఆటగాడు ఆ గీతను 366 దగ్గరికి జరిపేశాడు. షో పడ్డాక గీత మళ్లీ కిందికి రాలేదు. అక్కడినుంచి చూస్తే తను గొయ్యిలో ఉన్నాడు.

నిజంగా ఆ ఆట అతనిదేనా? లెక్క వేస్తే తెలుస్తుంది. రెండు కట్టలు, రెండు బొమ్మ జోకర్లు కలిపి 106 ముక్కలు. తన చేతిలోవి 13, తెరిచి పెట్టిన కోసిన జోకర్ ఒకటి, కింద పడి అందరికీ కనిపించినవి ఒక 12 అనుకుంటే, కనపడని ముక్కలు 80. అందులో అతనికి పనికొచ్చేవి ఆఠీన్ 6లు రెండు, 9లు రెండు, మిగిలిన 2లు ఏడు, బొమ్మ జోకర్లు రెండు. మొత్తం 13. అంటే ఒకసారి ముక్క తీస్తే వచ్చే అవకాశం సుమారు 16 శాతం. మూడుసార్లు తీసినా 42 శాతమే. సగానికి సగం అవకాశం రావాలంటే నాలుగు చుట్లు పడుతుంది. పైవాడు వేసే ముక్క అందితే ఇది కాస్త పెరుగుతుందిగానీ, అంతలో మిగతా ముగ్గురూ ఊరికే కూర్చోరు, వాళ్లూ తీస్తూనే ఉంటారు.

అంటే "నోటికాడి కూడు లాగేసుకున్నాడు" అని అతను అనుకున్న ఆట, అతనికి పైచేయి ఉన్న ఆట మాత్రమే. పోకర్‌లో రెండు ఆసులు చేతిలో ఉండి ఎదుటివాడి దగ్గర రెండు రాజులుంటే, మొదట్లోనే ఉన్నదంతా పెట్టేసినా అయిదు ఆటల్లో దాదాపు ఒకటి ఆసులవాడే ఓడతాడు. అక్కడ కూడా అది మోసం కాదు, ఆట ధర. అసలైన బ్యాడ్ బీట్లు తక్కువ. మనం బ్యాడ్ బీట్ అనుకునేవే ఎక్కువ.

తర్వాతి అయిదు ఆటలు

ఆ రాత్రి అసలు నష్టం ఆ 50 కాదు. తర్వాత పంచిన ముక్కల్లో జోకర్ లేదు, లైఫ్ లేదు. మామూలుగా అయితే చూడగానే కింద పెట్టేసి 20 ఇచ్చేవాడు. ఇప్పుడు పెట్టలేదు. లైఫ్ పడకపోతే చేతిలో ముక్కలన్నీ కౌంట్‌లోకి వస్తాయి కాబట్టి 64కు చిక్కాడు. తర్వాత ఆట 72, ఆ తర్వాత 58. మూడూ డ్రాప్ చేయాల్సినవే. చేసి ఉంటే 60 పాయింట్లు, 120 రూపాయలు. ఆడినందుకు 194 పాయింట్లు, 388 రూపాయలు. అప్పుడు ఆ మాట వచ్చింది: "ఇట్ల కాదప్పా, పాయింటు అయిదు చేద్దాం. ఇంకొక్క నాలుగాటలు." అయిదు రూపాయల మీద ఒక ఫుల్ కౌంట్ 80, ఇంకొకటి 47. మరో 635 పోయాయి. రాత్రి మొదట్లో 640, బ్యాడ్ బీట్‌తో 690, లేచేసరికి 1,713.

ఇందులో టిల్ట్ వాటా ఒకటి, సంక్ కాస్ట్ వాటా ఒకటి. రెంటినీ విడదీసి చూడాలి, ఎందుకంటే మందు వేరు. డ్రాప్ చేయాల్సిన ముక్కల్ని ఆడింది టిల్ట్. అది కోపం, బావమరిది మీద కసి, "ఇంత జరిగాక ఇప్పుడు కూడా పెట్టేయాలా" అన్న ఉడుకుమోత్తనం. పాయింటు పెంచింది సంక్ కాస్ట్. అక్కడ కోపం కంటే లెక్క ఎక్కువ కనిపిస్తుంది, అదే దాని ప్రమాదం. రెండు రూపాయల మీద వెయ్యి పైన రాబట్టుకోవాలంటే రాత్రి చాలదు, అయిదు మీద అయితే రెండు మూడు మంచి ఆటలు చాలు అని ప్రశాంతంగా, పద్ధతిగానే ఆలోచించాడు. రిచర్డ్ థేలర్, ఎరిక్ జాన్సన్ 1990లో రాసింది ఇదే: నష్టంలో ఉన్నవాడు మామూలుగా రిస్క్‌కు వెనకాడినా, ఒక్క దెబ్బతో "అసలు" వెనక్కొస్తుందని కనిపిస్తే ఆ రిస్క్ తీసుకుంటాడు. మన ఊళ్లలో "అసలు వస్తే చాలు, లేస్తా" అనేది ఇదే. ఆ మాట అన్నవాడు అసలు వచ్చాక లేవడం అరుదు, అది వేరే సంగతి.

ఆటలో ఆరితేరినవాళ్లు ఒక అభ్యంతరం చెప్తారు, దానికి జవాబు ఇవ్వాలి. "ముక్క తీశాక ఆడడమే మంచిది, మిడిల్ డ్రాప్ దండగ. ఇదీ సంక్ కాస్టేనా?" అని. కాదు. లెక్క చూద్దాం. గెలిస్తే సగటున 100 పాయింట్లు వస్తాయి, ఓడితే 50 పోతాయి అనుకుంటే, వందలో 20 సార్లు గెలిచే ముక్కలకు రాబడి 2,000, పోబడి 4,000. ఆటకు 20 నష్టం, సరిగ్గా మొదటి డ్రాప్ ధర. అంతకంటే బలహీనమైన ముక్కలు చూడగానే కింద పెట్టాలి. ఒకసారి ముక్క తీశాక బయటికి పోయే ధర 40 అవుతుంది. అప్పుడు ఓడితే సగటున 60 పోతుందనుకున్నా, ఎనిమిది ఆటల్లో ఒకటి గెలిస్తే చాలు: వచ్చేది 100, పోయేది 420, ఆటకు 40 నష్టం. కాబట్టి లోపలికి వచ్చాక కాస్త బలహీనమైన ముక్కలతో కొనసాగడం తప్పు కాదు. ఎందుకంటే అక్కడ చూసేది పోయిన డబ్బును కాదు, ఇప్పుడు లేవడానికి అయ్యే ఖర్చును. ఇది క్యూ లైన్ లాంటిదే. గంట క్రితం పోయిన 640కి మాత్రం ఈ లెక్కలో ఎక్కడా చోటు లేదు. ఈ రెంటినీ కలిపేసి చూడడం వల్లే మంచి ఆటగాళ్లు కూడా మోసపోతారు.

చల్లబడే పద్ధతి

కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేసి తాగుడు, పేకాట మానేసినవాళ్లు ఈ జిల్లాలో ఊరికొకరైనా కనిపిస్తారు. ప్రమాణానికి నిజంగానే బలం ఉంది. మనసు చల్లగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని, వేడెక్కినప్పుడు మార్చుకోలేకుండా అది కట్టేస్తుంది. కానీ "జన్మలో ముట్టను" అన్న ప్రమాణం ఒక్కసారి తప్పితే "ఎలాగూ తప్పాను కదా" అని పూర్తిగా జారిపోవడం కూడా అంతే మామూలు. అదీ ఒక రకం సంక్ కాస్ట్ ఆలోచనే అనిపిస్తుంది. పూర్తిగా మానాలనుకునేవాడికి ప్రమాణం సరే. అప్పుడప్పుడు కూర్చునేవాడికి చిన్నది, ఆ రాత్రికి సరిపడేది కావాలి.

మొదటి పని కూర్చోకముందే జరగాలి. పోయినా నొప్పి లేని మొత్తం ఎంతో తేల్చుకుని నోట్లుగా జేబులో పెట్టుకోవాలి. ఫోన్ ఇంట్లోవాళ్ల చేతికిచ్చి కూర్చోవాలి. ఇది చాదస్తంలా కనిపిస్తుందిగానీ, ఒకప్పుడు జేబు ఖాళీ అయితే ఆట ఆగేది. ఇప్పుడు యూపీఐ ఉన్నంతవరకు జేబు ఖాళీ కాదు. పాయింటు ఎంతో కూడా అప్పుడే ఖాయం చేసుకోవాలి. పెంచాలంటే మర్నాడు, పగటిపూట మాత్రమే అన్నది నియమం. మర్నాడు పగలు ఎవరూ పెంచరు.

రెండోది, గంట మోగేది ఎప్పుడో తెలియాలి. "కోపమొస్తే లేస్తాను" అంటే పనిచేయదు. టిల్ట్‌లో ఉన్నవాడికి తను కోపంగా ఉన్నట్టు అనిపించదు, తనకు అన్యాయం జరిగినట్టు అనిపిస్తుంది. అందుకే మనసును కాదు, బయటికి కనిపించే పనులను చూసుకోవాలి. ముక్కలు సర్దుకోకముందే కౌంట్ రాసిన కాగితం వైపు చూడడం. అయిపోయిన ఆట గురించి రెండోసారి చెప్పడం. ముక్కను పెట్టకుండా విసరడం. జోకరూ లైఫూ లేని ముక్కలతో డ్రాప్ చేయకుండా ఒక్కసారైనా ఆడేయడం. పాయింటు పెంచుదామని నోటివెంట రావడం. వీటిలో ఏ ఒక్కటి జరిగినా చాలు, ఆ ఆట అయిపోగానే లేవాలి. ఎందుకు జరిగిందో ఆలోచించుకునే చోటు ఆ జంపఖానా కాదు.

లేవడమంటే నిజంగా లేవడమే. కూర్చుని "ఈ ఆట నాకొద్దు" అంటే సరిపోదు. పక్కవాడి ముక్కల్లోకి తొంగిచూస్తూ, "నాకు పంచుంటే అవే వచ్చేవి" అనుకుంటూ వేడి ఇంకా పెరుగుతుంది. మెట్లు దిగి కిందికి పోవాలి, మొహం కడుక్కోవాలి, నీళ్లు తాగాలి, ఒక ఇరవై నిమిషాలు నడవాలి. ఈ ఇరవై శాస్త్రం చెప్పిన అంకె కాదు. పైన రెండు మూడు ఆటలు తను లేకుండా గడిచిపోయేంత సమయం, అంతే. తను లేకపోయినా ఆట జరుగుతోందని, పోయిన డబ్బు ఆ గదిలో తనకోసం ఎదురుచూడడం లేదని చూడడమే ఇక్కడి పని. సిగరెట్టు, మందు దీనికి పనికిరావు. రెండోది అయితే మరీ.

ఆ ఇరవై నిమిషాల్లో ఒక కాగితం మీద మూడు మాటలు రాయాలి. దెబ్బ తిన్న ఆటలో నిజంగా జేబులోంచి పోయింది ఎంత. అందులో గెలిచే అవకాశం నిజంగా ఎంత ఉండింది. ఇప్పుడే బెంగుళూరు బస్సు దిగి, ఒక్క రూపాయి కూడా పోగొట్టుకోకుండా వచ్చినవాడైతే ఈ సమయానికి, ఈ పాయింటుకు, ఈ మనుషులతో కూర్చుంటాడా. మన ఆటగాడు రాసి ఉంటే మొదటిది 50 అని, రెండోది నాలుగు చుట్లకు సగం అని తేలేది. మూడోదానికి జవాబు చాలాసార్లు "రాత్రి ఒంటిగంటన్నర, పొద్దున ముహూర్తం, పడుకుంటాడు" అనే వస్తుంది. నోటితో అనుకుంటే మనసు బేరాలాడుతుంది, అందుకే రాయమనేది.

తిరిగి కూర్చోవాలంటే ఒక పరీక్ష. ఆ ఆటను ఎవరికైనా గొంతు పెంచకుండా, బావమరిది పేరెత్తకుండా చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ రాత్రికి ముగిసినట్టే. చెప్పగలిగితే కూర్చోవచ్చు, కానీ మొదటి మూడు ఆటలకు ఒక కట్టుబాటు: జోకర్ గానీ లైఫ్ గానీ లేకపోతే ఆలోచన లేకుండా డ్రాప్. మంచి ముక్కలు పోతాయేమో అన్న భయం వద్దు. మూడు డ్రాపులకు 60 పాయింట్లు, 120 రూపాయలు దాటదు. టిల్ట్‌లో ఆడితే అదే మూడు ఆటలకు ఎంతయిందో పైన చూశాం.

ఈ పద్ధతి ఎక్కడ పనిచేయదో కూడా చెప్పాలి. ఫోన్‌లో ఆడే ఆటలో లేవడానికి జంపఖానా లేదు, కలపడానికి పట్టే రెండు నిమిషాల విరామం కూడా లేదు. ఓడిన క్షణంలోనే తర్వాతి ఆట బటన్ కనిపిస్తుంది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను ఆంధ్రప్రదేశ్ 2020లో గేమింగ్ చట్టానికి సవరణ తెచ్చి నిషేధించింది. 2025లో కేంద్ర చట్టం దేశమంతటా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు తలుపు మూసింది. అయినా ఆడేవాళ్లు దొంగదారుల్లో ఆడుతున్నారు. అక్కడ రోజుకింత అని పరిమితి పెట్టుకునే సదుపాయం ఉందో లేదో, ఉన్నా నిజమో కాదో అడిగేవాళ్లు లేరు. క్రికెట్ బుకీ దగ్గర ఇంకా ఘోరం, అక్కడ అప్పు ఖాతా నడుస్తుంది. ఆఖరి బంతికి మ్యాచ్ పోయినవాడు చేతిలో నోటు లేకుండానే తర్వాతి మ్యాచ్‌కు రెట్టింపు చెప్పేయగలడు. అలాంటి చోట ఇరవై నిమిషాల నడక సరిపోదు, ఆ దారే మూసేయాలి: నంబర్ తీసేయడం, ఖాతా మీద ఇంట్లోవాళ్ల కన్ను ఉంచడం.

ఇంట్లో అబద్ధం చెప్పి ఆడడం, ఆటకోసం అప్పు చేయడం, ఆడని రోజు కుదురు లేకపోవడం కనిపిస్తుంటే అది టిల్ట్ కాదు, జబ్బు. దానికి మానసిక వైద్యుడే దిక్కు. టెలీ మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

మామూలు ఆటగాళ్ల మధ్య అయితే ఇంకో ఏర్పాటు ఉంది. ఆట మొదలుపెట్టేముందే ఆరుగురూ ఒప్పుకోవాలి: ఎవరైనా పాయింటు పెంచుదామంటే వాళ్లకు తర్వాతి రెండు ఆటలు ముక్కలు పంచరు. అలిగినా సరే, పెళ్లికొడుకు మామ అయినా సరే. "మామకు రెండాటలు కట్" అని పంచేవాడు నవ్వుతూ అనేస్తే, మామ తిట్టుకుంటూ కిందికి దిగి కాఫీ తాగొస్తాడు.